ఒకే కాంపౌండ్, రెండు కంపెనీలు: కంపెనీ కోడ్ ఒకటా, రెండా?

పరకాల అకౌంటెంట్: మా ఓనర్‌కు జిన్నింగ్ మిల్లు, ఆయిల్ మిల్లు రెండు వేర్వేరు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు. కాంపౌండ్ ఒకటే, గింజల గోదాం కూడా ఒకటే. లెక్కలకు శాప్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నాం. ఒకే కంపెనీ కోడ్ కింద రెండు ప్లాంట్లు పెడితే చాలంటున్నారు. నడుస్తుందా?

జిన్నింగ్ మనిషి: నడుస్తుంది అన్నా. లాభనష్టాలు ప్రాఫిట్ సెంటర్‌తో విడదీసుకోవచ్చు. రెండు కోడ్లు పెడితే గింజలు పక్క షెడ్డుకు పోయిన ప్రతిసారీ బిల్లు కొట్టాలి. సీజన్‌లో ఎవరు కొడతారు?

హన్మకొండ కన్సల్టెంట్: ఓనర్ ఒక్కరే కావచ్చు, పాన్‌లు రెండు, ఆడిట్లు రెండు. బ్యాలెన్స్ షీట్ వచ్చేది కంపెనీ కోడ్ మీద. కాబట్టి కోడ్లు రెండు పెట్టాల్సిందే. ప్రాఫిట్ సెంటర్ రిపోర్టు చూపిస్తే ఆడిటర్ ఒప్పుకోడు.

జిన్నింగ్ మనిషి: సరే, రెండు కోడ్లే పెట్టండి. `MIGO`లో `301` కొడితే స్టాక్ అటు పోతుంది కదా, బిల్లు గొడవ ఉండదు.

హన్మకొండ కన్సల్టెంట్: అక్కడే దెబ్బ తింటారు. క్లియరింగ్ ఖాతాలు సెట్ చేసి ఉంటే `301` రెండు కంపెనీల మధ్య కూడా పోస్ట్ అవుతుంది, ఎర్రర్ రాదు. వంద క్వింటాళ్ల పత్తి ఆడితే దూది 33, 34 పోను గింజలు అరవై పైచిలుకు వస్తాయి. 60 క్వింటాళ్లు, క్వింటాల్ 3,500 అనుకుంటే 2,10,000 రూపాయల సరుకు. అది ఆయిల్ మిల్లు స్టాక్‌లోకి చేరింది, జిన్నింగ్ కంపెనీలో అమ్మకం మాత్రం లేదు, జీఎస్టీ ఇన్‌వాయిస్ లేదు. క్లియరింగ్ ఖాతాలో బాకీ నెలనెలా పెరుగుతుంటే, బయటికి వెళ్లిన గింజల విలువ జీఎస్టీఆర్-1లో కనబడకపోతే, జరుగుతున్నది ఇదేనని అర్థం. ఇంటర్‌కంపెనీ ఆర్డర్, డెలివరీ, ఇన్‌వాయిస్ దారిలోనే పోవాలి. రోజుకు ఎన్ని ట్రాక్టర్లు కదిలినా సాయంత్రం ఒకే ఇన్‌వాయిస్ వేసుకోవచ్చా అన్నది మీ ఆడిటర్‌ను అడగండి.

పరకాల అకౌంటెంట్: మరి గోదాం ఎవరి కింద పెట్టాలి సార్?

హన్మకొండ కన్సల్టెంట్: రెండింటి కింద. శాప్‌లో గోదాం అంటే స్టోరేజ్ లొకేషన్; అది ఒక ప్లాంట్‌కే చెందుతుంది, ప్లాంట్ ఒక కంపెనీ కోడ్‌కే. కానీ `GD01` అనే కోడ్‌నే రెండు ప్లాంట్లలోనూ వాడొచ్చు. గోదాంలో మాత్రం బస్తాలు ఎవరివో తెలిసేలా వరుసలు విడిగా పెట్టించండి. లేకపోతే స్టాక్ లెక్కించే రోజు కొట్లాటే.

మిర్చి కోల్డ్ స్టోరేజ్: మా దగ్గర రైతుల బస్తాలే ఎక్కువ. వాటికీ ప్లాంట్ పెట్టాలా?

హన్మకొండ కన్సల్టెంట్: మీది వేరే విషయం అన్నా. అది మీ సరుకు కాదు, మీ స్టాక్ విలువలో కలవకూడదు.

పరకాల అకౌంటెంట్: జమ్మికుంటలో జిన్నింగ్ కంపెనీకే ఇంకో కొనుగోలు పాయింట్ ఉంది. అది స్టోరేజ్ లొకేషన్ చాలదా?

జిన్నింగ్ మనిషి: చాలు. సరుకు రెండు రోజుల్లో మిల్లుకే వస్తుంది, లొకేషన్ నుంచి లొకేషన్‌కు మార్చే `311` కొడితే అయిపోతుంది.

హన్మకొండ కన్సల్టెంట్: సరుకు రేటు ప్లాంట్ స్థాయిలో ఉంటుంది. లొకేషన్‌గా పెడితే అక్కడి కొనుగోలు రేటు, ఇక్కడి రేటు కలిసి ఒకే సగటు అవుతుంది. జమ్మికుంట పత్తి ఎంతకు పడిందో ఓనర్ విడిగా అడుగుతారంటే ప్లాంట్ పెట్టండి.

జిన్నింగ్ మనిషి: రేటు తేడా కొనుగోలు రిజిస్టర్‌లోనే కనబడుతుంది కదా సార్. దానికోసం ప్లాంట్ ఎందుకు?