పదో తరగతి బ్యాచ్ కలయిక: ఉద్యోగం, పెళ్లి కాకుండా ఏం మాట్లాడుకోవాలి?

లంక పిల్ల: మాది కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, 1999 బ్యాచ్. ఐదేళ్ల కిందట మొదటిసారి కలిశాం. ఫ్లెక్సీ, మాస్టార్లకు శాలువాలు అన్నీ బాగా జరిగాయి. తర్వాత మైకు ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి పేరు, ఉద్యోగం, ఇంటాయన లేదా ఇంటావిడ, పిల్లల చదువులు చెప్పమన్నారు. 40 మందికి రెండు గంటలు పట్టింది. నా పక్కన కూర్చున్న స్నేహితురాలికి భర్త పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మైకు మూడు కుర్చీల అవతల ఉండగానే "మంచినీళ్లు తాగొస్తా" అని సంచీ తీసుకుని లేచింది. మళ్లీ రాలేదు. ఈ సంక్రాంతికి మళ్లీ కలుస్తున్నాం, ఏర్పాట్లు నావే. తనను ఎలాగైనా తీసుకురావాలి. ఆ మైకు పరిచయాలు లేకుండా ఎలా నడపాలి?

కువైట్ డ్రైవర్: అక్కా, నాకూ అదే జరిగింది. నా ముందు మాట్లాడినవాడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ అంటే చప్పట్లు. నేను కువైట్‌లో డ్రైవర్‌ని అన్నాక మైకు టక్కున పక్కకు పోయింది. రెండేళ్లకోసారి వస్తాను, ఆ ఒక్కరోజు కోసం సెలవు ముందుకు జరుపుకున్నాను. వాడు, నేను ఒకే సైకిల్ మీద బడికి వెళ్లేవాళ్లం. దాని గురించి ఒక్కమాట కూడా మాట్లాడుకోలేదు.

సరదా సుబ్బు: సింపుల్ అండీ. పరిచయాలు తీసేయండి. అంత్యాక్షరి, కుర్చీలాట పెట్టండి. ఎవరికీ టెన్షన్ ఉండదు.

లెక్కల మాస్టారు: నేను చదువు చెప్పిన బ్యాచ్‌లు పిలిస్తే ఏడెనిమిది కలయికలకు వెళ్లానమ్మా. సుబ్బు గారు చెప్పినట్టు పరిచయాలు తీసేయడం మంచిదే. కానీ ఆటలతో సందడి వస్తుంది గానీ మాటలు రావు. పాట రానివాళ్లు మళ్లీ వెనక కుర్చీలకే పోతారు.

నేను చూసినవాటిలో బాగా నడిచినది ఒకటుంది. అక్కడ మైకు లేదు. పిల్లల్ని ఏ ఊరి నుంచి, ఏ దారిన బడికి వచ్చేవారో ఆ దారి ప్రకారం కూర్చోబెట్టారు. కాలువగట్టు వాళ్లు ఒకచోట, రేవు దాటి వచ్చేవాళ్లు ఒకచోట, సైకిళ్ల వాళ్లు ఒకచోట. గుంపుకి ఆరుగురు దాటనివ్వలేదు, దాటితే ఇద్దరే మాట్లాడతారు. అడిగినది ఒకే ప్రశ్న: "వానాకాలం బడికి ఎలా వచ్చేవాళ్లు?" పుస్తకాలు ఎరువుల సంచీలో చుట్టుకోవడం, చెప్పులు చేత్తో పట్టుకోవడం, ఎవరు ఎవర్ని చెయ్యి పట్టి దాటించారో, అన్నీ వచ్చాయి. దారి గురించి చెప్పడానికి ఉద్యోగం అక్కర్లేదు, భర్త అక్కర్లేదు. తరగతిలో నోరు మెదపని పిల్లలే ఆరోజు ఎక్కువ మాట్లాడారు.

కానీ జ్ఞాపకాలు గంటన్నరకు అయిపోతాయి. చెప్పిన కథే రెండోసారి మొదలైతే అదే గుర్తు. అప్పుడు ఇప్పటి సంగతికి రావాలి. "ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చుకున్నావ్?" అని అడిగితే ఒకావిడ నలభై దాటాక స్కూటీ నేర్చుకున్న వైనం చెప్పింది.

కరీంనగర్ బిడ్డ: మా దగ్గర హిందీ పేపర్ ముచ్చట పెడితే చాలు, అందరూ కలుస్తరు. అన్నిట్లో 35 వస్తేనే పాస్, హిందీకి మాత్రం 20. ఆ 20 కోసం పడ్డ తిప్పలు ఫస్ట్ ర్యాంకోనికీ ఉన్నయ్, తప్పినోనికీ ఉన్నయ్. నిక్‌నేమ్‌లు కూడా పిలుచుకోవాలె, మజా వస్తది.

లెక్కల మాస్టారు: నిక్‌నేమ్‌ల దగ్గర జాగ్రత్త బాబూ. ఒంటి రంగు మీద, కులం మీద పెట్టినవి ఉంటాయి. పిలిచినవాడు నవ్వుతాడు, పిలిపించుకున్నవాడు తల దించుకుంటాడు. ఎవరి పేరు వాళ్లే గుర్తుచేస్తే సరే. పరీక్ష తప్పినవాళ్లు కూడా తమంతట తాము చెబితేనే బాగుంటుంది.

కరీంనగర్ బిడ్డ: మాకు ఎన్నడూ అట్ల కాలేదు సార్. ప్రేమతోనే పిలుస్తం.

విజయనగరం 2003: మనిషికి 2,000 అనుకున్నాం. సగం మంది ఇవ్వలేదు. ఎలా వసూలు చేయాలి?

లంక పిల్ల: డబ్బుల సంగతి వేరే అండీ. మాకు ఇంకో చిక్కుంది. మా బ్యాచ్‌లో నలుగురు పోయారు. వాళ్ల పేర్లు మొదట్లోనే తలుచుకోవాలా, చివర్లోనా?

కువైట్ డ్రైవర్: మొదట్లోనే అక్కా. వచ్చినవాళ్ల కళ్లు వాళ్లనే వెతుకుతాయి.

లెక్కల మాస్టారు: భోజనాలయ్యాక అయితే మంచిదని నా ఉద్దేశం. మొదట్లోనే గుండె బరువెక్కితే మీ స్నేహితురాలికి కష్టం.

లంక పిల్ల: నిన్న రాత్రి తనకు ఫోన్ చేశాను. రమ్మని అడగలేదు. "మనం రేవు పంటు మీద దాటేవాళ్లం కదే" అన్నాను. "పంటు ఎక్కడిదే, నావ. నువ్వు డబ్బాతో నీళ్లు తోడేదానివి, నేను రెండు సంచీలూ నెత్తిన పెట్టుకునేదాన్ని" అంది. నలభై నిమిషాలు మాట్లాడింది. వస్తానని మాత్రం ఇంకా చెప్పలేదు. రేవు గుంపులో తన కుర్చీ వేసే ఉంచుతాను.