అప్‌డేట్: తొమ్మిదేళ్ల గ్యాప్, ఒక పుస్తకం, జీఎస్టీ

నేను అడిగింది: "2016లో బాబు కోసం అకౌంట్స్ ఉద్యోగం మానేశాను. మళ్లీ చేరాలంటే ఏ పుస్తకం చదవాలి?"

మీరు చెప్పిన కోహెన్, రాబిన్‌ల 'బ్యాక్ ఆన్ ది కెరీర్ ట్రాక్' చదివాను. 2007 నాటి అమెరికా పుస్తకం, మన విజయనగరానికి అన్నీ అతకవు. పాత పరిచయాలను పలకరించమన్న సలహా మాత్రం పనికొచ్చింది. ఫోన్ చేయడానికి రెండు వారాలు మొహమాటపడ్డాను. పాత సహోద్యోగి మనసులో నేనింకా ఆనాటి అకౌంటెంట్‌నే! ఆవిడే ఓ ఆడిటర్ గారి దగ్గరికి పంపింది.

అక్కడ దొరికిపోయాను. నాకు తెలిసింది వ్యాట్. జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో. ఆ పుస్తకంలో అదెలా ఉంటుంది? ఇప్పుడు సాయంత్రాలు ఆయన ఆఫీసులోనే కొనుగోలు బిల్లులను, అమ్మినవాళ్ల రిటర్న్‌ల నుంచి జీఎస్టీ పోర్టల్ తయారుచేసే జీఎస్టీఆర్-2బీ జాబితాతో సరిచూస్తున్నాను. అమ్మినవాళ్లు రిటర్న్‌లో చూపని బిల్లు అందులో కనిపించదు, దానిపై కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ ఆగిపోతుంది. నిన్న అలాంటివి మూడు పట్టుకున్నాను. జీతం వచ్చే నెల నుంచి.