ఫైనల్ బిల్లు వేయకముందే తప్పులు సరిదిద్దించుకోవాలా, కట్టేసి తర్వాత అడగాలా?

మాధవి_కూకట్‌పల్లి:
మా నాన్నగారు హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రోజులున్నారు. బీమా లేదు. రేపు డిశ్చార్జి చేస్తారట. మొత్తం 2,84,600 రూపాయలని చూపించారు, అందులో లక్ష అడ్వాన్సుగా కట్టాము. నాలుగో రోజున ఐసీయూ నుంచి గదికి మార్చారు. ఆ ఒక్క రోజుకే ఐసీయూ బెడ్డు చార్జీ, 5,500 గది అద్దె రెండూ వేశారు. ఒక్కొక్కటి 1,450 ఖరీదు చేసే నాలుగు ఇంజెక్షన్లు వాపసు చేసినా ఆ సొమ్ము తగ్గించలేదు. సోడియం, పొటాషియం పరీక్షకు 650 చొప్పున మూడు రోజులు విడిగా వేశారు, అవే రోజుల కిడ్నీ ప్రొఫైల్‌లో కూడా అవి ఉన్నాయి. సరిచేసే వరకు కట్టనని చెప్పవచ్చా?

న్యాయపక్షం:
తప్పకుండా చెప్పవచ్చు. బిల్లు తగాదా పేరుతో రోగిని ఆపడానికి వీల్లేదని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో స్పష్టంగా ఉంది. అది చట్టం. ఒక్క రూపాయి కూడా కట్టకుండా మీ నాన్నగారిని తీసుకుని వచ్చేయండి.

బిల్లింగ్_కిటికీ:
నేను పదకొండేళ్లు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేశాను. ఆ పత్రం మంచిదే కానీ అది చట్టం కాదు, రాష్ట్రాలు అమలు చేయవలసిన మార్గదర్శకం. దాన్ని నమ్ముకుని ఏమీ కట్టకుండా బయలుదేరితే తగాదా గేటు దగ్గరికి మారుతుంది, బిల్లు పక్కకు పోతుంది.

మాధవిగారూ, మీకున్న సమయం ఈ రాత్రే. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ప్రొవిజనల్ బిల్లు. ఈ దశలో పొరపాటు పడిన పద్దును విభాగం వారే తీసేయగలరు. ఫైనల్ బిల్లు నంబరు పడిందంటే అదే పని రీఫండు అవుతుంది. బిల్లింగ్ మేనేజరు, అకౌంట్స్, కొన్నిచోట్ల వైద్య సూపరింటెండెంటు కూడా సంతకం చేయాలి. అందువల్ల ముందుగా సమ్మరీ బిల్లు కాకుండా తేదీవారీ డిటైల్డ్ బిల్లు అడగండి. దానితోపాటు ఫార్మసీ ఇచ్చిన మందుల పట్టీ, వాపసు పట్టీ కూడా తీసుకోండి. వాపసు సాధారణంగా మూడు చోట్ల నిలిచిపోతుంది. వార్డు నర్సు కంప్యూటర్లో రిటర్న్ వేయకపోవచ్చు, వేసినా ఫార్మసీ ఆమోదించకపోవచ్చు, ఆమోదించినా బిల్లులోకి దిగకపోవచ్చు. ఎక్కడ ఆగిందో రిటర్న్ నంబరు చెప్పేస్తుంది. నంబరే లేకపోతే నర్సును అడగాలి, మా కిటికీని కాదు. ఫ్రిజ్‌లో ఉంచవలసిన మందులను చాలా ఫార్మసీలు వెనక్కి తీసుకోవు, ఆ సంగతి కూడా ముందే కనుక్కోండి.

మీ లెక్క ప్రకారం 5,500, 5,800, 1,950 కలిపి 13,250 రూపాయలు. ఇంకొక 275 చేర్చండి. ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 దాటితే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అద్దె తీస్తే పన్ను కూడా పోవాలి. మొత్తం 13,525. వివాదం లేని 1,71,075 కట్టడానికి సిద్ధమని, మిగిలినది సరిచేయాలని ఒక పేజీ ఉత్తరం రాసి, నకలు మీద స్వీకరించినట్లు ముద్ర వేయించుకోండి.

ప్రవాసి_మస్కట్:
ఇవన్నీ ఎందుకండీ, క్యాష్‌లెస్ బీమా ఉంటే వాళ్లే చూసుకుంటారు కదా.

మాధవి_కూకట్‌పల్లి:
బీమా లేదని మొదటే రాశానండీ.

తణుకు_శేషగిరి:
"నర్సును అడగాలి, మా కిటికీని కాదు" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. రెండేళ్ల క్రితం మా అత్తగారి బిల్లులో ఒకే వైద్యుడి విజిట్‌ను ఒకే పూటలో రెండుసార్లు వేశారు. కట్టేసి అడగండి, రెండు రోజుల్లో వేస్తామన్నారు. నాలుగు నెలలు తిరిగాను. నర్సు బిల్లింగ్‌ను చూపించింది, బిల్లింగ్ అకౌంట్స్‌ను చూపించింది, అకౌంట్స్ వారు చివరికి అసలు రసీదు పోగొట్టుకోలేదా అని నన్నే అడిగారు. మూడు కిటికీలు ఉన్నది మనల్ని తిప్పడానికే.

బిల్లింగ్_కిటికీ:
మీ అత్తగారి విషయంలో జరిగింది తప్పే. అందుకే ఫైనల్ కాకముందే అడగమంటున్నాను. మాధవిగారు అడగవలసింది ఎవరినో చెప్పడం తిప్పడం కాదు.

లెక్కలమాస్టారు:
నాకు గది అద్దె విషయమే తేలలేదు. నాలుగో రోజున మార్చినది ఎన్ని గంటలకు? చాలా ఆసుపత్రులలో బెడ్డు రోజు మధ్యాహ్నం 12 నుంచి లెక్కపెడతారు, కొన్నిచోట్ల అర్ధరాత్రి నుంచి. సాయంత్రం ఆరింటికి మారితే, మధ్యాహ్నం లెక్కలో ఐసీయూ రోజు ఇంకా నడుస్తూనే ఉంటుంది, గది అద్దె రేపటి నుంచి పడాలి. అలా కాక ఆ రోజుకు రెండింటిలో ఎక్కువదే వేస్తామని టారిఫ్‌లో ఉంటే అప్పుడూ ఒకటే పడాలి. రెండూ వేస్తామని రాసిన టారిఫ్‌ను నేనింతవరకు చూడలేదు.

న్యాయపక్షం:
టారిఫ్ వారు రాసుకున్నదే కదా, దానికి మనం తలవంచడం ఎందుకు?

లెక్కలమాస్టారు:
వారు రాసుకున్నదే కనుక, దాన్ని వారు తప్పితే చూపించడం తేలిక. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద చేసిన నిబంధనలు రేట్లను స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ ప్రదర్శించాలంటాయి. ఆ బోర్డుకు ఒక ఫోటో తీసుకోమనండి.

తణుకు_శేషగిరి:
ఫోటోలు, ఉత్తరాలు, ముద్రలు! ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి కిటికీగారూ. ఇవన్నీ పొరపాట్లే అయితే, పదకొండేళ్లలో రోగికి లాభం కలిగే పొరపాటు ఎన్నిసార్లు చూశారు?

బిల్లింగ్_కిటికీ:
చాలాసార్లు చూశాను. ఆపరేషన్ థియేటర్‌లో వాడిన సామాను బిల్లులో పడక, ఆ లోటును నెలాఖరున మా నుంచి సంజాయిషీ అడిగేవారు. రోగి ఇంటికి వెళ్లి ఫోన్ చేసి "నాకు తక్కువ వేశారు" అని చెప్పడు కనుక ఆ సంగతి మీకు తెలియదు. పన్నెండు వేల జీతానికి రాత్రంతా కూర్చుని, దొంగలనిపించుకున్నవాళ్లం మేము.

అయితే ఒక మాట ఒప్పుకుంటాను. తక్కువ పడినది పట్టుకోవడానికి ఆసుపత్రిలో మనిషి ఉండేవాడు. ఎక్కువ పడినది పట్టుకోవడానికి ఎవరూ ఉండేవారు కారు.

తణుకు_శేషగిరి:
నేను అంటున్నదీ అదే. మీరు దొంగలని నేననలేదు.

మాధవి_కూకట్‌పల్లి:
దయచేసి ఇద్దరూ ఆగండి. మీరు కట్టాలా వద్దా అని వాదిస్తున్నారు, నా భయం వేరే. పది రోజుల తర్వాత అదే వైద్యుడి దగ్గరికి రివ్యూకు తీసుకువెళ్లాలి. గొడవపడిన మనిషి తండ్రిగా మా నాన్నగారు అక్కడ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అందుకే పదమూడు వేలు వదిలేద్దామని కూడా అనుకున్నాను.

లెక్కలమాస్టారు:
వైద్యుడికి సాధారణంగా బిల్లు కనబడదమ్మా. ఉత్తరంలో చికిత్స గురించి ఒక్క మాట కూడా లేకుండా చూడు.

న్యాయపక్షం:
వదిలేయకండి. 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము కూడా లేదు, రెండేళ్ల గడువుంది.

బిల్లింగ్_కిటికీ:
అది తర్వాతి మెట్టు. ఈ రాత్రికి ఉత్తరం చాలు.

మాధవి_కూకట్‌పల్లి (మరుసటి రోజు సాయంత్రం):
ఉత్తరం ఇచ్చాను. ముద్ర వేయడానికి మొదట ఒప్పుకోలేదు, మేనేజరు వచ్చే వరకు కూర్చున్నాను. వాపసు విషయంలో కిటికీగారు చెప్పినట్లే జరిగింది: నర్సు రిటర్న్ వేసింది, ఫార్మసీలో ఆమోదం కాలేదు. పావుగంటలో 5,800 తగ్గింది. పరీక్షలలో రెండు రోజులవి తీసేశారు. మూడో రోజున రక్తం సాయంత్రం మళ్లీ తీశారట, రిపోర్టు మీద సమయం వేరుగా ఉంది కనుక ఆ 650 న్యాయమేనని ఒప్పుకున్నాను. గది అద్దె మాత్రం తేలలేదు. రాత్రి తొమ్మిదింటికి మార్చారు, అయినా గది మధ్యాహ్నం నుంచే మా పేరున ఉంచామంటున్నారు. 5,775 అభ్యంతరంతో కడుతున్నానని ఉత్తరం మీదే రాసి కట్టాను. నాన్నగారు ఇంటికి వచ్చి పడుకున్నారు.

తణుకు_శేషగిరి:
ఖాళీ గదిని పేరున ఉంచినందుకు అద్దె అని టారిఫ్‌లో ఉందా?

మాధవి_కూకట్‌పల్లి:
రాతపూర్వకంగా అడిగాను. వారంలో చెబుతామన్నారు.