పరువు హత్యలపై సంపాదకీయాలు: థీమాటిక్ విశ్లేషణా, డిస్కోర్స్ విశ్లేషణా?

మంజీర: 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి పరువు హత్యల మీద మూడు తెలుగు దినపత్రికల్లో వచ్చిన సంపాదకీయాలు 60 పోగేశాను. పీహెచ్‌డీకి. గైడు థీమాటిక్ చాలంటున్నారు. కమిటీలో ఒకరు డిస్కోర్స్ లేకపోతే పస లేదంటున్నారు. ఎనిమిది నెలలే ఉంది. ఏది పెట్టుకోవాలి?

తుంగభద్ర: మీ పరిశోధన ప్రశ్నను బట్టే ఉంటుందండీ. హత్యలకు పత్రికలు ఏ కారణాలు చూపాయి, ఏ పరిష్కారాలు అడిగాయి అన్నదే ప్రశ్నయితే థీమాటిక్ సరిపోతుంది. ఒక్కోటి 500 మాటలనుకున్నా మొత్తం 30 వేలు, ఒక్కరు చదివి కోడ్ చేయగలిగినంతే, అంటే ఒక్కో భాగానికి అది చెప్పే విషయాన్ని బట్టి చిన్న పేరు పెట్టగలిగినంతే. కాకపోతే 'కులం', 'చట్టం' అని పేర్లు పెట్టి వదిలేస్తే అవి థీమ్‌లు కావు, డబ్బాలు. 'చట్టం ఉంది, పోలీసులకే పట్టదు' అన్నంత స్పష్టంగా ఒక మాట చెబితేనే థీమ్.

నేరం ఎవరి మీదా పడకుండా ఎలా రాశారన్నది మీ ప్రశ్నయితే మాత్రం థీమ్‌లకు అది అందదు. ఉదాహరణ కోసం మూడు వాక్యాలు కల్పించి రాస్తున్నాను:

'కులాంతర వివాహం మరో నిండు ప్రాణాన్ని బలిగొంది.'
'పెళ్లయిన మూడు నెలలకే యువకుడు హత్యకు గురయ్యాడు.'
'అల్లుణ్ని మామే మనుషుల్ని పెట్టి చంపించాడు.'

కోడింగ్‌లో మూడూ ఒకే కోడ్ కిందికి పోతాయి. చదివి చూడండి: మొదటి వాక్యంలో చంపింది పెళ్లి. రెండోదాంట్లో చంపినవాడే లేడు. మూడోదాంట్లో మాత్రమే మనిషి కనిపిస్తాడు.

నల్లమల: ఇంత తర్జనభర్జన ఎందుకు? రెండూ చేసేయండి. ఇద్దరు కోడర్లను పెట్టి, వాళ్ల కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే కప్పా అంకె 0.8 దాటిందని చూపిస్తే ఎవరూ వేలెత్తి చూపరు. ఒట్టి డిస్కోర్స్ అయితే 'నచ్చిన వాక్యాలు ఏరుకున్నావు' అని వైవాలో కడిగేస్తారు.

తుంగభద్ర: ఏరుకున్నారనే మాట పడుతుందన్నది నిజమే. కప్పా దగ్గరే తేడా. కోడ్‌బుక్ ముందే ఖరారు చేసుకునే పద్ధతికి అది సరిపోతుంది. థీమాటిక్ విశ్లేషణకు బ్రౌన్, క్లార్క్‌ల ఆరు దశల పద్ధతి అని రాసి, కింద కప్పా అంకె వేస్తే రెండూ పొసగవు. అందులో కోడ్‌లు చదువుతూ మారుతుంటాయి, ఇద్దరికీ ఒకేలా రావాలన్న షరతే లేదు. పద్ధతుల అధ్యాయంలో పరీక్షకులు ముందు పట్టుకునేది అదే.

ఏరుకున్నారనిపించుకోకూడదంటే నియమం ముందే రాసిపెట్టుకోవాలి. ఎంచుకున్న ప్రతి సంపాదకీయంలో చావు ప్రస్తావన ఉన్న ప్రతి వాక్యాన్నీ పట్టికలోకి ఎక్కించండి: చంపినవాణ్ని ఏమన్నారు, క్రియ ఏది, చనిపోయినవాళ్లను ఏమన్నారు. మీ వాదనకు ఎదురు తిరిగే వాక్యాలు కూడా అందులో ఉండాల్సిందే.

పాతపేపరు: నాది సారా వ్యతిరేక ఉద్యమం, 1992-93 నాటి సంపాదకీయాలు. ఏ పత్రిక ఎన్నిసార్లు రాసిందో లెక్క తేల్చాలి. దీనికి థీమాటిక్ బాగుంటుందా?

అక్షర: మీది లెక్క, ఈ రెండింటిలో ఏదీ కాదు. కంటెంట్ అనాలిసిస్ చూడండి.

మంజీర గారూ, ఆ 60 ఎలా దొరికాయి? 'పరువు హత్య' అని వెతికా?

మంజీర: అవును, ఈ-పేపర్లలో ఆ మాటతోనే వెతికాను.

అక్షర: అయితే పద్ధతి తేలకముందే చిక్కొచ్చింది. 'కుల దురహంకార హత్య' అని రాసిన సంపాదకీయం ఆ వెతుకులాటలో రాదు. హత్యకు ఏ పేరు పెట్టారన్నదే డిస్కోర్స్‌లో అసలు విషయం. ఒక పేరుతో వెతికి తెచ్చిన 60లో ఆ పేరే కనిపిస్తుంది, 'పత్రికలన్నీ పరువు అనే అన్నాయి' అని మీరు తేలుస్తారు. థీమాటిక్‌కూ కొంత దెబ్బే, కులాన్ని సూటిగా నిందించిన రచనలు బయటే ఉండిపోతాయి కాబట్టి. పైగా పాత పేజీల్లో యూనికోడ్ కాని ఫాంట్లుంటే ఏ మాటతో వెతికినా చిక్కవు. తేదీలతో పట్టండి: తీర్పు, ఒక్కో ఘటన తరవాత పది రోజుల సంపాదకీయ పేజీలన్నీ కళ్లతో చూడాలి.

ఇంకోటి. ఇంగ్లీషు చెక్‌లిస్టు తెచ్చి కర్మణి వాక్యాలు లెక్కపెట్టకండి. 'చంపబడ్డాడు' అని తెలుగు పత్రిక ఎక్కడోగానీ రాయదు. కర్త ఇక్కడ 'హత్యకు గురయ్యాడు', 'బలైపోయింది', 'ప్రాణం పోయింది' లాంటి వాటి వెనక దాక్కుంటాడు. 'బడు' కోసం వెతికితే లెక్క సున్నాకు దగ్గరగా వచ్చి, పత్రికలు ఎవరినీ దాచలేదని పొరబడతారు.

తుంగభద్ర: తేదీలతో మళ్లీ పోగేశాక అన్నిటికీ థీమాటిక్ చేసి, థీమ్‌కొకటి చొప్పున ఏడెనిమిది తీసుకుని డిస్కోర్స్‌లోకి దిగితే ఎనిమిది నెలల్లో అవుతుంది.

అక్షర: నేను ఒప్పుకోను. థీమ్‌ను బట్టి ఎంచితే, థీమ్‌కు అందని రాతే మళ్లీ జారిపోతుంది. ఒక్కో ఘటనకు మూడు పత్రికల సంపాదకీయాలూ పక్కపక్కన పెట్టి, అయిదు ఘటనలు, పదిహేను రచనలు. థీమాటిక్ వద్దే వద్దు.

నల్లమల: పదిహేనింటితో పీహెచ్‌డీ అంటే మా దగ్గర కమిటీ దాటదు.

మంజీర: థీసిస్ ఇంగ్లీషులో. గైడు అనువాదాల మీదే కోడ్ చేయమన్నారు.

అక్షర: థీమాటిక్ అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. డిస్కోర్స్‌కు కుదరదు. 'హత్యకు గురయ్యాడు' ఇంగ్లీషులోకి వెళ్లగానే కర్మణి వాక్యమైపోతుంది, మీరు విశ్లేషించేది అనువాదకుడి వ్యాకరణాన్ని. పట్టిక తెలుగులోనే నింపి, థీసిస్‌లోకి వెళ్లే వాక్యాలకు మాత్రం కింద అనువాదం ఇవ్వండి.