అప్‌డేట్: లాగిన్ రివార్డు, ఎనర్జీ గొడవ తీరింది

నా ప్రశ్న: "ఒక్కరోజు గేమ్ తెరవకపోతే లాగిన్ రివార్డు మళ్లీ మొదటి రోజుకు పోతోంది, ఎనర్జీ చాలట్లేదు, ఇది మోసమని ఆడేవాళ్లు తిడుతున్నారు. ఏం మార్చాలి?"

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. రోజూ వరుసగా రావాలన్న నియమం తీసేయమన్న సలహానే పనిచేసింది. ఇప్పుడు వచ్చిన రోజులనే లెక్కపెడుతున్నాం. నాలుగో రివార్డు పెట్టె తీసుకున్నాక మా అక్క వారం పాటు ఊరెళ్లింది, తిరిగొచ్చి తెరిస్తే ఐదోదే కనిపించింది. ఆమె ముఖం చూశాక నా టెన్షన్ పోయింది.

ఎనర్జీలో అసలు తప్పు పరిమితిది. పరిమితి 5 కాబట్టి అరగంటకొకటి చొప్పున రెండున్నర గంటల్లో నిండిపోయేవి, మిగతా రాత్రంతా వృథా. పరిమితి 16 చేశాం, ఎనిమిది గంటల నిద్రకు సరిపోతుంది. నాణేలు పెంచడం వల్ల మాత్రం ఏమీ మారలేదు, తిట్లు అలాగే వచ్చాయి.