త్రీ ఆఫ్ కప్స్ తర్వాత నైన్ ఆఫ్ కప్స్ పడితే ఫ్రెండ్స్‌తో సంతోషమా, ఒంటరితనమా?

కపిలతీర్థం_కాఫీ: తిరుపతిలో కొత్త ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. నలుగురు అమ్మాయిలం బాగా కలిసిపోయాం. "ఈ గ్యాంగ్ వల్ల నేను సంతోషంగా ఉంటానా" అని రెండు టారో కార్డులు తీశాను. ముందు త్రీ ఆఫ్ కప్స్, తర్వాత నైన్, ఏదీ తలకిందులు కాలేదు. ఒకరు బ్రహ్మాండం అన్నారు, ఇంకొకరు చివరికి ఒంటరిగా మిగులుతావన్నారు. ఏది నమ్మాలి?

చిత్తూరు_తోతాపురి: ఇందులో టెన్షన్ ఏముంది చెల్లీ. త్రీ అంటే ఫ్రెండ్స్, నైన్ అంటే విష్ కార్డు, కోరుకున్నది జరుగుతుంది. ఇంత మంచి జోడీ పడ్డాక కూడా అనుమానపడితే ఇక కార్డులు తీయడం ఎందుకు?

పాతడెక్_అక్క: విష్ కార్డు అన్న మాట నిజమే, కానీ ఎవరి కోరిక తీరిందో ఒకసారి బొమ్మ చూసి చెప్పు తమ్ముడూ. 1909లో వచ్చిన రైడర్ డెక్‌లో, అంటే పమేలా స్మిత్ గీసిన బొమ్మల్లో, త్రీలో ముగ్గురు ఆడవాళ్లు కప్పులు పైకెత్తి ఆడుతుంటారు, కాళ్ల దగ్గర గుమ్మడికాయలూ పళ్లూ. ఎవరి కప్పు వాళ్ల చేతిలోనే ఉంది. నైన్‌కి వస్తే బొద్దుగా ఒకాయన బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చుంటాడు, వెనక నీలం గుడ్డ మీద తొమ్మిది కప్పులు వరసగా పేర్చి ఉంటాయి. చేతిలో ఒక్కటీ లేదు, పక్కన మనిషీ లేడు. అడిగినవాళ్లకు తృప్తి అని ఆ డెక్ గీయించిన వెయిట్ కూడా రాశాడు, కానీ ఈ బొమ్మ భౌతికమైన వైపే చూపిస్తుందని పక్కనే రాశాడు. మనవాళ్లు మొదటి సగం చదివి ఆపేస్తారు.

ఇందులో నేనూ దెబ్బ తిన్నాను. హాస్టల్‌లో ఉండే ఒక అమ్మాయి ఇదే ప్రశ్న అడిగితే ఇవే రెండు కార్డులు పడ్డాయి, హాయిగా అవునని చెప్పి పంపేశాను. రెండు నెలలకు మళ్లీ వచ్చింది, ముఖం వాడిపోయి ఉంది. అప్పుడు అడిగాను, మీరు బయటికెళ్తే ప్లాన్ ఎవరు వేస్తారు, బిల్లు ముందు ఎవరు కడతారు అని. ఫోన్ తీసి చూపించింది: ఆటోకి, బిర్యానీకి, సినిమా టికెట్లకి అన్నీ ఆమే కట్టింది, తిరిగి వచ్చిన డబ్బు సగం కూడా లేదు. ఆ నైన్‌లో కూర్చున్నది తనే, విందు పెట్టిన మనిషి! నేను దాన్ని విందు తిన్న మనిషిగా చదివాను. అందుకే ఇప్పుడు నైన్ పడితే జవాబు చెప్పను, ముందు ఆ రెండు ప్రశ్నలు అడుగుతాను.

రాయలచెరువు_గాలి: అక్కా, నాకు మొన్న త్రీ తలకిందులుగా పడింది, అంటే మా ఆయన జీవితంలో ఇంకో ఆవిడ ఉన్నట్టేనా? రాత్రంతా నిద్ర లేదు.

పాతడెక్_అక్క: లేదమ్మా, ముగ్గురు కనిపించగానే మూడో మనిషి అనుకోవడం ఈ మధ్య ఎక్కువైంది. తలకిందులైతే వెయిట్ రాసింది భోగాల్లో మితిమీరడం గురించి, సవతి గురించి కాదు. ఒక్క కార్డు పట్టుకుని ఆయన్ని నిలదీయొద్దు.

మార్సెయ్_పాతకాపు: మీరంతా ఒక్క చిత్రకారిణి గీసిన బొమ్మ మీద వాదిస్తున్నారు. నేను వాడే మార్సెయ్ డెక్‌లో ఆ బొద్దు మనిషే లేడు. త్రీలో మూడు కప్పులు, నైన్‌లో మూడేసి చొప్పున మూడు వరసలు, మధ్యలో ఆకులూ తీగలూ, అంతే. నాకైతే ఆ ముగ్గురే మూడింతలైనట్టు కనిపిస్తుంది, ఒంటరితనం ఎక్కడా లేదు.

పాతడెక్_అక్క: మీ డెక్‌కి మీ లెక్క సరే, కాదనను. కానీ ఈ అమ్మాయి ఏ డెక్‌తో తీసిందో ఆ బొమ్మే చదవాలి కదా. ఇంకోటి కాఫీ, కార్డులు కలపకముందే మొదటిది గ్యాంగ్, రెండోది నువ్వు అని అనుకున్నావా? అనుకోకుండా తీస్తే నైన్‌ని "చివరికి" అనడానికి ఆధారం లేదు, ఒంటరిగా మిగులుతావన్న మాట అక్కడే తేలిపోతుంది.

కపిలతీర్థం_కాఫీ: రైడర్ డెక్కే అక్కా. ముందు ఏమీ అనుకోలేదు, ఊరికే తీశా. కానీ మీరడిగిన రెండు ప్రశ్నలకి... మొన్న తలకోనకి వెళ్లినప్పుడు వ్యాన్ మాట్లాడింది నేనే, పులిహోర కట్టించిందీ నేనే. డబ్బులు మాత్రం అందరూ ఆ రాత్రికే ఇచ్చేశారు. నాకది బరువనిపించలేదు, ఇష్టంగానే చేశాను. అయినా ఆ బల్ల మీద నేనేనా?

పాతడెక్_అక్క: డబ్బు తిరిగొచ్చిందంటే హాస్టల్ అమ్మాయి కథ నీది కాదు. కానీ ఆ బొమ్మలో ఆయన కూడా ఇష్టంగానే కూర్చుని ఉంటాడు, చూడు. వచ్చే నెల నువ్వు ప్లాన్ ఎత్తకుండా ఊరుకో, ఎవరైనా ఫోన్ చేస్తారేమో చూద్దాం.

చిత్తూరు_తోతాపురి: స్నేహితుల్ని పరీక్ష పెట్టి చూడమంటారా అక్కా? నేనొప్పుకోను. వచ్చే ఆదివారం నువ్వే వ్యాన్ మాట్లాడు చెల్లీ.