రాత్రి మూత్రానికి లేవడం: సాయంత్రం నీళ్లు, టీ ఎన్ని గంటలకు ఆపాలి?

గాజువాక, విశ్రాంత ఉద్యోగి: నా వయస్సు 71. రాత్రి పదింటికి పడుకుంటే తెల్లవారేలోగా మూడుసార్లు మూత్రానికి లేవవలసి వస్తోంది. సాయంత్రం ఐదింటికి ఒక టీ, ఎనిమిదింటికి మరొకటి తాగుతాను. భోజనంలో మజ్జిగ ఉంటుంది, మాత్రలు వేసుకునేటప్పుడు పెద్ద గ్లాసుడు నీళ్లు తాగుతాను. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. మన విశాఖ ఉక్కపోతలో నీళ్లు తగ్గించాలంటే భయంగా ఉంది. మీరెవరైనా ఏ వేళకు ఆపారో చెప్పగలరా?

మర్రిపాలెం: సాయంత్రం ఆరు దాటాక చుక్క నీరు ముట్టకండి, అంతా సర్దుకుంటుంది. మా మావయ్యగారు అలాగే చేశారు.

పెదవాల్తేరు, పూర్వం యూరాలజీ వార్డు నర్సు: మర్రిపాలెం వారి మాటలో సగం నిజం ఉంది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు ద్రవాలు తగ్గించడం మంచిదే గాని, ఆరింటికే గొంతు కట్టేసుకుంటే ఈ వయస్సులో మలబద్ధకం, నీరసం వస్తాయి. తగ్గించిన నీళ్లను ఉదయం నుంచి మధ్యాహ్నంలోగా తాగేయాలి. ఎనిమిది గంటల టీ మాత్రం మానేయండి. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, వయస్సు మీద పడ్డవారిలో ఇంకా ఆలస్యం కావచ్చు. అది మూత్రం పెంచడం కన్నా నిద్రను పలచన చేయడమే ఎక్కువ. పలచని నిద్రలో కొద్దిపాటి మూత్రం నిండినా మెలకువ వస్తుంది. అయితే టీని నిందించే ముందు ఒక పని చేయండి. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూములో పెట్టుకుని, మూడు రోజులు ప్రతిసారీ వేళ, పరిమాణం రాయండి. పడుకునే ముందు పోసింది పగటి లెక్కలోకి, ఉదయం లేవగానే పోసింది రాత్రి లెక్కలోకి వస్తాయి.

అక్కయ్యపాలెం: నాకు మూత్రంలో మంట ఉంటే బార్లీ నీళ్లు తాగమన్నారు, బాగా పనిచేసింది. మీరూ రాత్రి ఒక గ్లాసు తాగి చూడండి.

పెదవాల్తేరు, పూర్వం యూరాలజీ వార్డు నర్సు: అమ్మా, ఆయనకు మంట లేదు, రాత్రి బార్లీ నీళ్లు తాగితే నాలుగోసారి కూడా లేవాలి! మంట ఉన్నవారు ముందు మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

గాజువాక, విశ్రాంత ఉద్యోగి: మూడు రోజులూ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. నిన్నటి లెక్క ఇది: పగలు మొత్తం 1000 మిల్లీలీటర్లు, రాత్రి లేచినప్పుడు 300, 250, 250, ఉదయం 250. అంటే రాత్రి వాటా 1050.

పెదవాల్తేరు, పూర్వం యూరాలజీ వార్డు నర్సు: మొత్తం 2050లో సగం పైన రాత్రే వచ్చింది. పెద్దవారిలో మూడో వంతు దాటితేనే అది రాత్రి మూత్రం ఎక్కువగా తయారవుతోందనడానికి గుర్తు. ప్రతిసారీ 250 పోస్తున్నారు కాబట్టి మీ మూత్రాశయం బాగానే పట్టుకుంటోంది. సాయంత్రం కాళ్లు చూసుకోండి. సాక్సు గీత దిగబడి ఉందా? చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కితే గుంట మిగులుతోందా?

సీతమ్మధార: నాది వేరు. ప్రతిసారీ 80, 100 మించి రాదు, ధార సన్నం, పోసినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ప్రోస్టేట్ పెరిగిందన్నారు. నీళ్లు మానినా నాకు ఒక్కసారి కూడా తగ్గలేదు.

గాజువాక, విశ్రాంత ఉద్యోగి: గుంట పడుతోందండీ. రెండు కాళ్లకూ.

పెదవాల్తేరు, పూర్వం యూరాలజీ వార్డు నర్సు: అయితే పగలంతా కాళ్లలో దిగిన నీరే, మీరు నడుం వాల్చగానే రక్తంలోకి తిరిగి వచ్చి మూత్రమవుతోందని నా అనుమానం. మజ్జిగ మానినా అది ఆగదు. మధ్యాహ్నం నాలుగింటి తరువాత ఒక గంట కాళ్లను దిండ్ల మీద గుండె ఎత్తుకు పెట్టి పడుకుంటే, ఆ నీరు పడుకునే వేళకు ముందే బయటకు పోతుంది. ఊరగాయ, అప్పడాల ఉప్పు కూడా తగ్గించాలి. ఆమ్లోడిపిన్ వల్ల కాళ్ల వాపు రావచ్చు గాని, మీరే ఆపకండి; ఈ లెక్క కాగితంతో వైద్యుని దగ్గరకు వెళ్లండి. ఆయాసం ఉన్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే గుండె పరీక్ష చేయించుకోవాలి. గురక బిగ్గరగా ఉంటే అదీ చెప్పండి, నిద్రలో శ్వాస ఆగేవారికి కూడా రాత్రి మూత్రం పెరుగుతుంది. షుగరు పరీక్షా మరవకండి.

మర్రిపాలెం: మా మావయ్యగారికి కాళ్ల వాపు లేదు, అందుకే నీళ్లు తగ్గించడంతో సరిపోయి ఉంటుంది.

గాజువాక, విశ్రాంత ఉద్యోగి: ఎనిమిది గంటల టీ మానాను. మాత్ర రెండు గుక్కల నీళ్లతో వేసుకుని, సాయంత్రం కాళ్లు ఎత్తి పెడుతున్నాను. ఇప్పుడు ఎక్కువగా రెండుసార్లే లేస్తున్నాను, ఒక్కోరోజు మూడు. ఏది పనిచేసిందో చెప్పలేను. వైద్యుడు మాత్ర మార్చే ముందు గుండె స్కాన్ చూస్తానన్నారు. ఐదు గంటల టీ కూడా మానాలా?

సీతమ్మధార: ఆ ఒక్క టీని వారం పాటు మూడింటికి జరిపి, మగ్గు లెక్క మళ్లీ రాయండి. నాకు మాత్రం టీతో తేడా ఏమీ కనబడలేదు.